పదిహేడు జిప్ ఫైళ్లూ, ఒక గేటూ

మా ఇంటి ఓనరు గారు గేటు వెయ్యరు. లోపలికొస్తే తీసినట్టే ఉంచుతారు, బయటికెళ్తే తీసినట్టే వదిలేస్తారు. వ్యవసాయం చేసినన్నాళ్లూ ఆయన పొలానికి గేటు లేదు. పొలం ప్లాట్లయ్యాక ఇంటికి గేటొచ్చింది. ఆ గేటుకీ తనకీ ఏ సంబంధమూ లేదన్నట్టుంటారు. శంషాబాద్ పాత ఊరి చివర ఆ ఇల్లు. కింద ఆయన, పైన మేం. వెనక వీధిలో ఇంకా నాలుగు బర్రెలు మిగిలున్నాయి. మా గేటు తీసి ఉంటుందని ఆ నాలుగింటికీ తెలుసు. కుండీల్లో ప్రాణం పెట్టి పెంచుకున్న నా గోంగూరను అవి ఎన్నిసార్లు మొదలంటా నమిలేశాయో చెప్పలేను.

ఆయన భార్య ఉన్నప్పుడు ఈ బాధ లేదు. వంటింట్లోంచి ఆవిడ ఒక్క కేక వేస్తే ఆయన వీధి మలుపు నుంచైనా వెనక్కొచ్చి గొళ్లెం పెట్టి పోయేవారు. ఆ కేక పైదాకా వినిపించేది. ఒక్కోసారి నన్నే అన్నారేమోనని నేనే దిగి వేసేదాన్ని. ఆవిడ పోయి పది నెలలైంది. గేటు మళ్లీ బార్లా తెరిచే ఉంటోంది.

మాది తెనాలి వైపు. నేనిక్కడ ఒక ప్రైవేటు బళ్లో తెలుగు టీచర్ని. మా ఆయన విమానాశ్రయం కార్గోలో, వచ్చే పెట్టెలూ పోయే పెట్టెలూ కాగితంతో సరిపోయాయో లేదో చూసే పనిలో ఉన్నారు. ఓనరు గారిని ఈ ఊళ్లో అందరూ బాపు అంటారు. పెద్దాయన్ని ఊరికే బాపూ అని పిలవడానికి నాకు నోరు రాలేదు. అందుకని బాపుగారూ అంటాను. అలా అన్నప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరైనా వచ్చారేమోనని చూస్తారు.

ఒకరోజు సాయంత్రం ఆయన మెట్లెక్కి పైకొచ్చారు. కిరాయి అడగడానికి కూడా ఎప్పుడూ పైకి రాని మనిషి. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బిడ్డా, నీ ఫోన్ల అమ్మ మాట ఉన్నదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"బొమ్మ ఉన్నది. పెద్దగ చేపిచ్చి దండ ఏసిన. మాటనే లేదు. మొన్నటిదాంక చెవుల్ల ఉండె. ఇప్పుడు జర జర మర్సిపోతున్న. గదే పరేషాన్."

నిజమే, ఆవిడ గొంతు ఎక్కడా లేదు. ఫోనంటే ఆవిడకి మంట. ఎవరైనా చేతిలో పెడితే చెవి దగ్గర పెట్టుకోకుండా దూరంగా పట్టుకుని "ఆఁ, బాగున్నం, పెట్టెయ్" అని తిరిగి ఇచ్చేసేవారు. పెళ్లిళ్ల వీడియోల్లో ఉన్నారు గానీ బ్యాండు మేళం తప్ప ఏమీ వినపడదు. కానీ నేనొకసారి తీశాను. ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏదో అంటుంటే నాకు నవ్వొచ్చి ఫోను ఎత్తి తీశాను. ఏమన్నారో గుర్తులేదు. తీసిన మాట మాత్రం నిజం. ఆ సంగతి చెప్పగానే బాపు కూర్చున్నారు.

ఆ వీడియో ఎక్కడుందో కూడా నాకు తెలుసు, అదే నా గర్వం. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాల కోసం బడి వాళ్లు టీచర్లందరికీ తలా ఒక ఖాతా తెరిచిచ్చారు. అందులో చోటు బోలెడు. నా సొంత ఖాతా ఎప్పుడో నిండిపోయింది. ఊరికే వచ్చిన చోటు వదులుకోవడం మా వంశంలో లేదు. పాఠాల పక్కనే పెళ్లిళ్లూ, పేరంటాలూ, పచ్చడి జాడీలూ అన్నీ అందులోకే ఎక్కించేశాను. నా పాత ఫోన్లలో ఉన్నవి కూడా. సరిగ్గా ఆ వారమే బళ్లో నోటీసు పెట్టారు: ఈ నెలాఖరు శనివారం సాయంత్రం నాలుగింటికి పాత ఖాతాలన్నీ మూసేస్తున్నాం, ఎవరిది వాళ్లు తీసుకోండి. నేను ఆ నోటీసు కింద సంతకం కూడా పెట్టాను, చదవకుండా.

మొదట ఫోన్లో వెతుకుదామని కూర్చున్నాం. బాపు పక్కనే కూర్చున్నారు. అదే నేను చేసిన తప్పు. ఒక ఫోటో దాటనిస్తేనా!

"ఆగు ఆగు. గీ పెండ్లి ఎవలది?"

"మా పిన్ని గారి అమ్మాయిది బాపుగారూ."

"పిలగాడు ఏం చేస్తడు?"

విమానం వచ్చింది. మా దగ్గర విమానం నెత్తి మీదుగా పోయేటప్పుడు మాట్లాడేవాళ్లు మాట ఆపేస్తారు, పోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటారు. నేనైతే పద్యం మూడో పాదంలో ఆగి, అది గగన్‌పహాడ్ దాటాక నాలుగో పాదం చదువుతాను. ఆ విమానం పోయాక బాపు "ఏం చేస్తడు?" అని మళ్లీ అడిగారు. పిల్లవాడి ఉద్యోగం, వాళ్ల ఊరు, ఆస్తిపాస్తులు అన్నీ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళైంది. మేమీ ఇంటికొచ్చాక ఆవిడ ఉన్న రెండు మూడేళ్ల ఫోటోలు వరసగా రెండు సాయంత్రాలు చూశాం. వీడియో లేదు. అక్కడే ఉండాలి, లేదు.

మర్నాడు మా బడి కంప్యూటర్ సార్‌ని పట్టుకున్నాను. ఆయన నెమ్మదస్తుడు. మనం ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా కళ్లజోడు తుడుచుకుని గాని జవాబు చెప్పడు.

"మేడమ్, ఖాతాలో ఉన్నదంతా ఎగుమతి పెట్టండి. వాళ్లే మూటకట్టి లింకు పంపుతారు. దించుకుని తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఎలాగూ మీ ఫోటోలన్నీ కావాలి కదా."

ఆ పేజీ తెరిస్తే పెద్ద జాబితా వచ్చింది. ఫోటోలు, మెయిళ్లు, ఫైళ్లు, క్యాలెండరు, ఇంకా నేనెప్పుడూ ముట్టని వస్తువులు అన్నిటికీ టిక్కులు పెట్టే ఉన్నాయి. ఉంటే ఉండనీ అని అన్నీ ఉంచేశాను. ఒక్కో ఫైలు ఎంత ఉండాలి అని అడిగితే ముందే ఎంచి ఉన్న రెండు జీబీనే ఉంచాను. అంతకు మించితే ముక్కలు చేసి పంపుతారట. సిద్ధం కావడానికి గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు అని రాశారు. ఇలా ఖచ్చితంగా చెప్పేవాళ్లంటే నాకు గౌరవం.

రెండు రోజులకు, శనివారం నాడు మెయిలు వచ్చింది. మీ మూట సిద్ధం, పదిహేడు భాగాలు, ఏడు రోజుల్లోగా దించుకోండి. నేను గబగబా కిందికి దిగి బాపుకి చెప్పాను. ఆయన సంతోషించి, గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లారు.

"ఇయ్యాల అమాస."

"అయితే ఏమిటండీ?"

"అమాస నాడు అమ్మ మాట దించుకుంటమా బిడ్డా? రేపు చూద్దాం."

ఆదివారం పాడ్యమి. పాడ్యమి నాడు ఏదీ మొదలుపెట్టరు. సోమవారం నేను బడికి పోయేముందు ఓ పావుగంట దొరికింది గానీ అది రాహుకాలం. సాయంత్రం దొరికిన గంట వర్జ్యం. మంగళవారం గురించి అడగనే లేదు, అడిగితే ఆయన ముఖం ఎలా పెడతారో నాకు తెలుసు. నేను నలభై మంది పిల్లల్ని కళ్లతో కూర్చోబెట్టగల మనిషిని. ఆయన ముందు ఒక్క మాట ఎదురు చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే నాలోనూ కాస్త పిరికితనం ఉంది. చచ్చిపోయిన మనిషి గొంతు కదా, అమావాస్య నాడు ముట్టి ఏమైనా అయితే ఆ పాపం నాకెందుకు అనుకున్నాను. శుభస్య శీఘ్రం అని పిల్లలకు అర్థంతో సహా చెప్పే దాన్ని నేనే.

బుధవారం సాయంత్రం ఆరున్నరకి మంచి ఘడియ దొరికింది. బాపు స్నానం చేసి, కొబ్బరికాయతో పైకొచ్చారు. మా ఆయన ల్యాప్‌టాప్‌కి బాపే బొట్టు పెట్టారు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి దాని మీద కుంకుమ చూసి, నా వైపు చూసి, చొక్కా మార్చుకున్నారు.

మా ఇంటికొచ్చే నెట్ వీధి కేబులతనిది. ఒక్కో ముక్క దిగడానికి గంటన్నర పట్టింది. బుధవారం రెండు దిగాయి. గురువారం పైపుల వాళ్లు రోడ్డు తవ్వి కేబులు తెంచారు. శుక్రవారం కరెంటు పోయి, తొంభై శాతం దిగిన ఫైలు మళ్లీ మొదటికొచ్చింది. రాత్రికి నాలుగయ్యాయి. శనివారం బడి మానేసి కూర్చున్నాను. తొమ్మిదోది దిగింది. పదోది నొక్కితే మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాను. అప్పుడు చెప్పింది: ఈ మూటకి గడువు తీరింది, కావాలంటే కొత్తది పెట్టుకోండి.

నేను కుర్చీలోంచి లేచి వెళ్లి, గేటు తీసి ఉంటే ధడాలున వేసి వచ్చాను. కోపం ఎక్కడో ఒకచోట చూపించాలి కదా.

బాపు ముఖం చిన్నబోయింది. "నా వల్లనేనా బిడ్డా?" అన్నారు. అవును మీ వల్లే అనడానికి నాలుక చివరిదాకా వచ్చింది. "కాదు బాపుగారూ, నెట్ వల్ల," అన్నాను. అబద్ధమే. కానీ ఆ ముఖం చూసి నిజం చెప్పగలిగిన వాళ్లుంటే వాళ్లకో దండం.

నెలాఖరుకి ఇంకా వారం ఉంది. ఆ సాయంత్రమే మళ్లీ పెట్టాను. ఈసారి తెలివి మీరాను. అనవసరమైన టిక్కులన్నీ తీసేసి ఫోటోలు మాత్రమే ఉంచాను. మంగళవారం మెయిలు వచ్చింది, పదహారు భాగాలు. చూశారా, ఒకటి తగ్గించాను! మంగళవారమని బాపు ఏమైనా అంటారేమోనని చెప్పకుండానే మొదలుపెట్టాను. నా దగ్గర ఇప్పటికే తొమ్మిది ఉన్నాయి కదా. పదో నంబరు నుంచి పదహారో నంబరు దాకా ఏడే దించాను. గురువారానికల్లా అయిపోయింది. దించిన వాటినే మళ్లీ దించే వెర్రిదాన్ని కాను అని మా ఆయనతో కూడా చెప్పుకున్నాను. ఆయన టీవీ చూస్తూ "ఊఁ" అన్నారు.

శుక్రవారం సాయంత్రం అన్నీ ఒకే ఫోల్డర్లోకి విప్పాను. ఇది మాత్రం బాగుంది. ముక్కలన్నీ జోడిస్తే గాని తెరుచుకోదేమోనని భయపడ్డాను గానీ, ఒక్కో జిప్ దేనికదే విడిగా విప్పుకుంది. అన్నీ ఒక్కచోట విప్పితే ఒకే పేరున్న ఫోల్డర్లు వాటంతటవే కలిసిపోయాయి. ఏ ఏడాది ఫోటోలు ఆ ఏడాది ఫోల్డర్లో ఉన్నాయి. ప్రతి ఫోటోకీ పక్కన చీటీ లాంటి చిన్న ఫైలు ఒకటి ఉంది. దాని పేరేమిటో, ఎప్పుడు తీశారో, ఆ వివరాలన్నీ అందులో ఉంటాయి. బాపు నా వెనక నిలబడి చూస్తున్నారు. వీడియోలన్నీ ఒకచోట చేర్చి ఒక్కొక్కటీ ఆడించాను. పిల్లల వార్షికోత్సవాలు, ముగ్గురు బంధువుల గృహప్రవేశాలు, కింద పెట్టి మర్చిపోయిన ఫోను తీసిన పదకొండు నిమిషాల సీలింగు ఫ్యాను. ఆవిడ లేరు.

పైగా ఇంకో విచిత్రం. మా మామగారి షష్టిపూర్తి ఫోటోల్లో సగం అసలు లేనే లేవు. వాటి చీటీలు మాత్రం వచ్చాయి.

"కంపెనీవాళ్లు తినేశారు," అన్నాను.

మా ఆయన అప్పుడు టీవీ ఆపి వచ్చారు. ఆయన తెర మీద ఫోటోలేవీ చూడలేదు. జిప్ ఫైళ్ల పేర్లు మాత్రం పైనుంచి కిందికి వేలితో చదువుకుంటూ వెళ్లారు. తొమ్మిదో పేరు దగ్గర వేలు ఆగింది.

"ఇవి ఒక సరుకు కాదు," అన్నారు.

"అంటే ఏమిటండీ?"

"పేరులో తేదీ చూడు, టైము చూడు. ఈ తొమ్మిదింటికీ ఒకటే తేదీ. కింద ఏడింటికీ వేరే తేదీ. నువ్వు చివర ఉన్న నంబరొక్కటే చూశావు. మా దగ్గర పదిహేడు పెట్టెల లోడు ఒకటొచ్చి, తర్వాత పదహారు పెట్టెల లోడు ఇంకోటొస్తే, దీంట్లో తొమ్మిదీ దాంట్లో ఏడూ కలిపి పదహారు సరిపోయాయని సంతకం పెడితే నన్ను ఆ రోజే ఇంటికి పంపేస్తారు."

"ఫోటోలు అవే కదండీ!"

"ఫోటోలు అవే. పెట్టెల్లో సర్దడం వేరు. మొదటిసారి మెయిళ్లూ గియిళ్లూ కూడా వేసి సర్దారు. రెండోసారి అవి తీసేయించావు. మొదటిసారి పదో పెట్టెలో పడినవి ఈసారి తొమ్మిదో పెట్టెలో పడి ఉంటాయి. ఆ తొమ్మిదోది నువ్వు దించలేదు."

పదిహేనేళ్ల కాపురంలో ఆయన ఒకే వరసలో ఇన్ని మాటలు అనడం నేనెరగను. తప్పు పూర్తిగా నాది. పైగా టిక్కులు తీసి తెలివితేటలు చూపించడం ఒకటి. తెలిసినవాడు ఇంట్లో టీవీ ముందు కూర్చునుంటే నేను ఊరంతా అడిగాను. బాపు మెల్లగా అడిగారు:

"ఇగ అమ్మ మాట పోయినట్టేనా?"

"పోలేదు. రెండో మూట గడువింకా ఉంది. అందులో ఒకటి నుంచి తొమ్మిది దాకా దించాలి," అన్నారు మా ఆయన. "కానీ ఖాతా రేపు నాలుగింటికి మూసేస్తారు. ఖాతా పోతే లింకూ పనిచెయ్యదు. ఈ నెట్‌తో కాదు."

శనివారం బాపు తెల్లవారే తయారయ్యారు. క్యాలెండరు వైపు చూడలేదు. నేనే చూశాను, తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. చెబుదామా అనుకున్నాను గానీ ఆయనే గేటు దగ్గర స్కూటరు పక్కన నిలబడి "జల్ది రా బిడ్డా, రోజు పోతున్నది," అన్నారు.

ఒంటిపూట బడి. పిల్లలు పోయాక కంప్యూటర్ ల్యాబులో కూర్చున్నాం. బడి నెట్ మంచిది, పది నిమిషాలకో ముక్క దిగుతోంది. కంప్యూటర్ సార్ ఒక మూల కూర్చుని, మూసెయ్యాల్సిన ఖాతాల జాబితా ముందు పెట్టుకున్నాడు. ఉరి తియ్యబోయేవాడి చేతిలో తాడులా కనిపించింది నాకు ఆ కాగితం. బాపు చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. తలుపు బార్లా తీసే వదిలేశారు. ఏసీ చల్లదనమంతా వరండాలోకి పోతోంది. సార్ రెండుసార్లు తలుపు వైపు చూసి, పెద్దాయన వైపు చూసి, మళ్లీ జాబితాలో పడ్డాడు.

నాలుగు దిగాయి, ఐదు దిగాయి. విప్పడం అన్నీ దిగాకే అనుకున్నాను. ఖాళీగా ఉండలేక ఇంటి నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ తెరిచి, నిన్న విప్పిన ఫోల్డర్లు బాపుకి చూపిస్తున్నాను. ఆయనకి అక్షరాలు అంతగా రావు గానీ అంకెలు బాగా వచ్చు. ఏడాదుల పేర్లు వరసగా చదువుతూ ఒక దగ్గర ఆగారు.

"గీ రెండువేల పదిహేను ఏంది? అప్పుడు నువ్వు మా ఇంట్ల లేవు గద. గీ బడిల గూడ లేవు."

నేను తేలిగ్గా కొట్టేయబోయి ఆగాను. ఆయన అన్నది నిజమే. నా పెళ్లి ఫోటోలైనా ఆల్బమ్‌లో కాగితం మీద ఉన్నాయి తప్ప ఖాతాలోకి రాలేదు. ఆ ఏడు నాకు ఫోటోలే లేవు. ఫోల్డర్ తెరిచాను. లోపల ఒకే ఒక్క చీటీ ఫైలు ఉంది, దాని ఫోటో లేదు.

"చీటీ ఉన్నది, వడ్లు లేవు," అన్నారు బాపు. మార్కెట్ యార్డులో చాలా చూసిన మనిషి.

చీటీని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. అందులో పేరు చివర ఎంపీ4 అని ఉంది. అంటే వీడియో. తీసిన తేదీ 2015 జనవరి ఒకటి. ఆ తేదీ చూశాక నాకు తలలో దీపం వెలిగింది. ఆవిడ్ని వీడియో తీసిన రోజుల్లో నా ఫోను పాడై బాగుకి ఇచ్చాను. సొరుగులోంచి పాత ఫోను తీసి, ఛార్జింగ్ ఎక్కించి వాడాను. ఎన్నాళ్లో ఛార్జింగ్ లేక చచ్చి పడున్న ఫోను, గడియారం మొదటికి పోయి దానికి తోచిన తేదీ చూపించేది. ఆ తేదీతోనే వీడియో ఎక్కింది. నేను రెండు మూడేళ్ల కిందటి ఫోటోల్లో వెతుకుతుంటే అది ఖాతాలో అట్టడుగున, ఎవరూ దిగని మెట్టు మీద కూర్చునుంది.

"సార్!" అని అరిచాను.

ఆయన వచ్చి, చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మేడమ్, ఖాతా ఇంకా తెరిచే ఉంది కదా. తేదీ తెలిసిపోయింది. ఫోటోల పేజీలో ఆ ఏడాదికి పోయి ఆ ఒక్కటీ దించుకోండి. మూట కోసం ఎందుకు ఆగడం?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఈ సామెతకు సొంతవాక్యం రాయమని పిల్లలకు ఎన్నిసార్లు ఇచ్చానో! పేజీ చిట్టచివరికి దిగాను. ఫోటోలన్నీ అయిపోయాక, కింద ఒంటరిగా ఒక్క బొమ్మ. చిన్నదే అయినా గుర్తుపట్టాను. మా ఇంటి మెట్లు, ఒళ్లో చాట, ఆకుపచ్చ చీర.

దించడానికి పట్టింది ముప్ఫై సెకన్లు.

"గింత దానికి గన్ని దినాలా?" అన్నారు బాపు. ముందు మిగతా ముక్కలు కానివ్వండి అందామనుకున్నాను, నా ఫోటోలు కూడా పోతాయి కదా. కానీ ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తున్నారు. నేను నొక్కాను.

ఆవిడ చాటలో చిక్కుళ్లు ఒలుస్తున్నారు. ఫోను వైపు కాదు, పక్కకి, గేటు వైపు చూస్తున్నారు.

"ఏందయ్యా, గేటు ఎయ్యరాదా? నోరు నొస్తున్నది చెప్పి చెప్పి. బర్రెలచ్చి పంతులమ్మ గోంగూర మేస్తే రేపు నువ్వు తెచ్చిస్తవా? ఆమె పాపం పొద్దుగాల లేసి నీళ్లు పోస్తది, నువ్వేమో గిట్ల బార్లా..."

విమానం వచ్చింది. ఆవిడ మాట ఆపి, చూపుడు వేలు అలాగే గాల్లో ఉంచి, తలెత్తి విమానం పోయేదాకా దాని వెంట చూశారు. పూర్తిగా పోయాక వేలు దించకుండానే అందుకున్నారు.

"...తెచ్చిస్తవా అంటున్న. నిల్సుంటవేంది? పోయి గేటెయ్యి!"

ల్యాబులో బాపు లేచారు. చిన్న కుర్చీ ఆయన వెంట లేచి కింద పడింది. ఆయన దాన్ని చూడలేదు, మమ్మల్నీ చూడలేదు. గబగబా నడిచి వెళ్లి, బార్లా తెరిచి ఉన్న తలుపు వేసి, గొళ్లెం పెట్టారు. పడిందో లేదో అని ఒకసారి లాగి కూడా చూశారు.

అప్పుడు గాని తానెక్కడున్నారో ఆయనకి తెలియలేదు. తలుపు దగ్గరే నిలబడి మా వైపు తిరిగారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. కంప్యూటర్ సార్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"మల్ల ఒక్కసారి పెట్టు బిడ్డా," అన్నారు బాపు.

ఆరుసార్లు పెట్టాం. ఆ లోపల మిగతా నాలుగు ముక్కలూ దిగాయి. నాలుగింటికి పది నిమిషాల ముందు పదహారూ చేతికొచ్చాయి, అన్నీ ఒకే తేదీవి, ఒకే లోడువి. మా ఆయనకి ఫోన్ చేసి పేర్లన్నీ చదివి వినిపించాను. "సరిపోయింది," అన్నారు. మా మామగారి షష్టిపూర్తి కూడా పూర్తిగా దొరికింది.

ఆ వీడియో బాపు ఫోన్లోకి ఎక్కించి, ఎలా ఆడించాలో నేర్పాను. రోజూ పొద్దున్న నేను కుండీలకు నీళ్లు పోస్తుంటే కింద నుంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది. నోరు నొస్తున్నది చెప్పి చెప్పి, అంటుంది. ఆ తర్వాత చెప్పుల చప్పుడు, గొళ్లెం చప్పుడు. ఈ ఏడు గోంగూర ఏపుగా పెరిగింది. మొదటి కట్ట కోసి కిందికి తీసుకెళ్లి, ఆవిడ ఫోటో ముందు పెట్టి వచ్చాను. వచ్చేటప్పుడు గేటు వైపు చూశాను, వేసే ఉంది.